అప్‌డేట్: నాన్న బెల్లం టీ, కాటా చెప్పిన లెక్క

నా ప్రశ్న: "నాన్నకు షుగర్. చక్కెర మానేసి బెల్లం టీ తాగుతున్నారు. అయినా రీడింగ్ తగ్గట్లేదు, ఎందుకు?"

మీరు చెప్పినట్టే వంటింటి కాటా మీద తూచాం. ఇదివరకు కప్పుకు చెంచా చక్కెర, 5 గ్రాములు. ఇప్పుడు వేసుకునే బెల్లం ముక్క 14 గ్రాములు! "బెల్లమే కదా" అని చెయ్యి ధారాళమైంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే కాబట్టి, ఆ ముక్కలో సుమారు 12 గ్రాములు చక్కెరే. అంటే పాత చెంచాకు రెట్టింపు పైనే. ఐరన్ కోసమని నాన్న వాదన, కానీ ఒక ముక్కలో వచ్చేది ఏపాటి?

ఇంకేమీ తినకుండా బెల్లం టీ ఒక్కటే తాగించి రీడింగ్ చూశాం. తాగకముందు 138, గంటకు 181. మర్నాడు తీపి లేకుండా తాగితే 136 నుంచి 147కే ఆగింది. పాలవల్ల కాస్త పెరుగుతుందట.

ఇంట్లో బెల్లం డబ్బా అటకెక్కింది. నాంపల్లి వైపు వెళ్తే ఇరానీ చాయ్ మాత్రం మాననంటున్నారు.