చాట్‌బాట్ ఇంగ్లీషులో చెప్పినంత బాగా తెలుగులో చెబుతోందా? తేల్చేదెలా?

విజయ_గుంటూరు: మా సంస్థ ఆశా కార్యకర్తల కోసం ఫోన్‌లో ఒక చాట్‌బాట్ పెట్టబోతోంది. ఇంగ్లీషు ప్రశ్నలతో పరీక్షించారు, బాగానే వచ్చింది. అవే ప్రశ్నల్ని తెలుగులోకి మార్చి అడిగితే సరిపోతుంది కదా అంటున్నారు పైవాళ్ళు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరైతే ఎలా చూస్తారు?

ఫణి_కోడ్: దీనికింత టెన్షన్ ఎందుకండీ? తెలుగు జవాబుని మెషీన్‌తో మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి, ఇంగ్లీషు జవాబు పక్కన పెట్టి పోల్చండి. తేడా వచ్చినా కారణం తెలిసిందే, టోకెన్లు, అంటే మోడల్ మాటల్ని కోసుకునే ముక్కలు. తెలుగు అక్షరం ఒక్కోటి కనీసం మూడు బైట్లు తింటుంది. పాత మోడళ్ళైతే ఒక్క తెలుగు మాటనే ఏడెనిమిది ముక్కలు చేస్తాయి. జవాబు పొడవుకి పెట్టిన హద్దు త్వరగా అయిపోతుంది. హద్దు పెంచితే అదే సర్దుకుంటుంది.

నర్సక్క: నేను పీహెచ్‌సీలో పనిచేస్తాను. వేరే బాట్‌తో నాకు జరిగింది చెబుతా. పిల్లాడికి విరేచనాలు, ఓఆర్ఎస్ ఎలా ఇవ్వాలని ఇంగ్లీషులో అడిగితే, ప్యాకెట్ మీద ఎంత నీళ్ళని రాసుందో చూడమంది, కలిపింది 24 గంటలు దాటితే పారబోయమంది, జింకు 14 రోజులు ఇవ్వమంది, తల్లిపాలు ఆపొద్దంది, ఏ లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలో చెప్పింది. తెలుగులో అడిగితే «ఒక ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీటిలో కలిపి త్రాగించండి» అని చక్కటి వాక్యం రాసింది. లీటరుకి కలపాల్సిన పెద్ద ప్యాకెట్ గ్లాసులో వేస్తే ఉప్పు అయిదింతలవుతుంది కదా! జింకు ఊసే లేదు. అచ్చుతప్పు ఒక్కటీ లేదు, అందుకే భయమేసింది.

రియల్_రవి: నాదీ అదే బాధ. మూడు గుంటలు ఎన్ని గజాలని తెలుగులో అడిగా. గుంట అంటే నీళ్ళు నిలిచే పల్లం, గజం అంటే మూడడుగులు, రెండింటికీ పొంతన లేదని పాఠం చెప్పింది. ఇంగ్లీషులో స్క్వేర్ యార్డ్స్ అని అడిగితే 363 అని ఠక్కున చెప్పింది. దీనికి తెలుగు రాదు, అంతే. అయినా మా తెలంగాణ మాట ఎప్పుడు నేర్పుతారు దీనికి?

కొలబద్ద: రవిగారూ, విజయగారు అడిగింది యాస గురించి కాదు. కానీ మీరు తెలియకుండానే మంచి ఉదాహరణ ఇచ్చారు. మీరు రెండుసార్లూ ఒకే ప్రశ్న అడగలేదు. తెలుగులో «గజాలు» అన్నారు, చదరపు అన్న మాట మనం నోటితో అనం. ఇంగ్లీషులో మాత్రం దాన్ని విప్పి స్పష్టంగా రాశారు. అంటే ఇంగ్లీషుకి మీరే సాయం చేశారు. తెలుగులో «మూడు గుంటల భూమి ఎన్ని చదరపు గజాలు» అని కూడా అడిగి చూడండి. అప్పుడు 363 వస్తే దానికి లెక్క వచ్చు, మన వాడుకే పట్టుబడలేదన్నమాట.

విజయగారూ, మీ పైవాళ్ళ దారి పూర్తిగా తప్పు కాదు, కానీ సగమే. అనువాద ప్రశ్నలు ఎలా ఉంటాయో తెలియాలంటే 2022లో వచ్చిన ఎంజీఎస్ఎం అనే లెక్కల పరీక్ష చూడండి. అందులో 250 ఇంగ్లీషు లెక్కల్ని పది భాషల్లోకి మార్చారు, తెలుగూ ఉంది. ఒక లెక్కలో జానెట్ అనే ఆవిడ బాతులు గుడ్లు పెడతాయి, ఆమె వాటిని డాలర్లకి అమ్ముతుంది. అందులో మార్కులు బాగా వస్తే, తెలుగు అక్షరాల్లో రాసిన అమెరికా ప్రశ్నని బాట్ అర్థం చేసుకుందని తెలుస్తుంది. గుంటలు, ఓఆర్ఎస్ సంగతి తెలియదు. అంతకుముందే, 2020లో, టైడీ క్యూఏ అనే ప్రశ్నల పరీక్ష వచ్చింది. అందులో తెలుగువాళ్ళే తెలుగులో అడిగిన ప్రశ్నలున్నాయి, అనువాదం లేదు. మీకు రెండు రకాలూ కావాలి. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి మొదటి రకం, ఆశాలు అడిగే తీరు పట్టుకోవడానికి రెండో రకం.

ఇక తేడా ఎక్కడ పుడుతోందో చూడాలంటే నర్సక్క ప్రశ్ననే నాలుగు రకాలుగా అడగండి. ఇంగ్లీషులో అడిగి ఇంగ్లీషు జవాబు, తెలుగులో అడిగి తెలుగు జవాబు ఎలాగూ ఉన్నాయి. తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పమనండి, ఇంగ్లీషులో అడిగి తెలుగులో చెప్పమనండి. తెలుగులో అడిగినా ఇంగ్లీషు జవాబులో జింకు, లీటరు కనిపిస్తే ప్రశ్న అర్థమైనట్టే, తెలుగులో రాసేటప్పుడు జారిపోతున్నాయి. అక్కడా రాకపోతే, ఇంగ్లీషు ప్రశ్నకి తెలుగులో మాత్రం వస్తుంటే, గోల ప్రశ్న దగ్గరే ఉంది. ఒక్కసారి అడిగి తేల్చకండి, ఒక్కో రకం అయిదారు సార్లు అడగండి. ఇంగ్లీషులోనే ఒకసారి జింకు చెప్పి ఇంకోసారి మరిచిపోతుంటే, ఆ తప్పుని తెలుగు ఖాతాలో వేయకూడదు.

ఫణి_కోడ్: మరి టోకెన్లు?

కొలబద్ద: అదీ ఉంది, కానీ చూడగానే పట్టుకోవచ్చు. హద్దు తగిలితే జవాబు వాక్యం మధ్యలో తెగుతుంది. నర్సక్కకి వచ్చింది చుక్క పెట్టి శుభ్రంగా ముగిసింది. హద్దు పెంచి మళ్ళీ అడగండి, అప్పుడూ జింకు రాకపోతే కారణం వేరే.

వెనక్కి తిప్పి పోల్చడమంటారా, అది తప్పుని కప్పేస్తుంది. ఇంట్లో చేసుకునే ద్రావణానికి లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. బాట్ తెలుగులో «ఆరు చెంచాలు, అర చెంచా» అంటుంది. మెషీన్ దాన్ని టీస్పూన్ అని తిప్పేస్తుంది, మీ పట్టికలో టిక్ పడుతుంది. కానీ ఇంట్లో చేతికి అందేది అన్నం తినే పెద్ద చెంచా అయితే ఉప్పు దాదాపు మూడింతలు.

విజయ_గుంటూరు: మార్కులు ఎలా వేయాలి? 40 ప్రశ్నలు తయారుగా ఉన్నాయి. పైవాళ్ళకి ఒకే అంకె కావాలి.

కొలబద్ద: భాష బాగుందా అన్నది తర్వాత చూద్దురు. ముందు ప్రతి ప్రశ్నకీ తప్పక రావాల్సిన నాలుగైదు విషయాలు నర్సక్క లాంటివారితో రాయించండి, ఉన్నాయా లేవా అని మాత్రమే చూడండి. చక్కటి వాక్యానికి మార్కులు జారిపోకుండా ఉంటాయి.

అంకెతో జాగ్రత్త. ఉదాహరణకి 40లో ఇంగ్లీషుకి 31, తెలుగుకి 26 సరైనవి అనుకోండి. అయిదు తేడా అని రాసేయకండి. రెండింటిలో ఒక్కదానిలోనే సరైనవి లెక్కేయండి. ఇంగ్లీషులో మాత్రమే సరైనవి 7, తెలుగులో మాత్రమే సరైనవి 2 అనుకుందాం. నాణెం తొమ్మిదిసార్లు ఎగరేస్తే బొమ్మో బొరుసో ఏదో ఒకవైపు ఏడో అంతకన్నా ఎక్కువో పడే అవకాశం సుమారు 18 శాతం. కాబట్టి 40తో తేడా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. 200 ప్రశ్నలకి అదే పోలికలో 35, 10 వస్తే అప్పుడు గట్టిగా చెప్పొచ్చు.

నర్సక్క: నాకు ఈ నాణెం లెక్క నచ్చలేదు. ఆ ఏడింటిలో ఒకటి గ్లాసులో పెద్ద ప్యాకెట్ కలపమన్నదైతే? ఆశా వర్కర్ ఇంగ్లీషు జవాబు ఎప్పటికీ చూడదు. తేడా ఎంతన్నది మీకు కావాలేమో, నాకు తెలుగు జవాబు ప్రమాదమా కాదా అన్నదే కావాలి.

కొలబద్ద: ప్రమాదకరమైన తప్పుల్ని సగటులో కలపకుండా వేరే వరుసలో పెట్టాలి, అక్కడ మీ మాటే మాట. కానీ తేడా చూడకపోతే బాగుచేసేవాడికి ఎక్కడ వెతకాలో తెలియదు. బాట్ ఇంగ్లీషులోనూ తప్పు చెబుతుంటే తెలుగుని సరిదిద్ది లాభమేముంది?

ఫణి_కోడ్: మార్కులు వేసేవాళ్ళకి ఏ భాషో కనిపిస్తూనే ఉంటుంది కదా. ఇంగ్లీషు అంటే గౌరవం ఉన్నవాళ్ళు అటు మొగ్గరా?

కొలబద్ద: మొగ్గుతారు. ఒక్కో జవాబుని ఇద్దరు విడివిడిగా దిద్దాలి, ఎక్కడ కలవలేదో చూడాలి. అప్పటికీ పూర్తిగా పోదు. నాకు తెలిసిన మంచి మందు లేదు దీనికి.

విజయ_గుంటూరు: నర్సక్కా, మీ ఆశాలు మిమ్మల్ని ఫోన్‌లో అడిగే ప్రశ్నలు, పేర్లు తీసేసి, వాళ్ళ మాటల్లోనే ఓ యాభై రాసిస్తారా?

నర్సక్క: రాసిస్తా. సగం వాటిలో ప్రశ్న ఉండదు, «మోషన్స్ అవుతున్నయి మేడం» అని ఉంటుంది. అట్లనే పెట్టండి, దిద్దకండి.

రియల్_రవి: చదరపు గజాలని అడిగా. 363 వచ్చింది. కానీ మా దగ్గర అట్ల ఎవరంటరు?