వెనుక పెద్ద బిళ్ళ వేస్తే బుట్టకమ్మల బరువుకు చెవి సాగకుండా ఉంటుందా?

హిమబిందు: నా బుట్టకమ్మలు జత 24 గ్రాములు. పొద్దున పెట్టుకుంటే పడుకునే ముందే తీస్తాను. రంధ్రాలు నిలువు గీతల్లా సాగాయి. వెనుక పెద్ద బిళ్ళ వేస్తే చాలని ఒకరు, ఈ కమ్మలే మానేయాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సరళ: బిళ్ళ వేయించుకోండి. నా రాళ్ళ దుద్దులు ముందుకు వాలి నేల చూపులు చూసేవి. చిన్న మర తీసి వేలిగోరంత బిళ్ళ ఉన్న మర వేశాక నిటారుగా నిలబడ్డాయి. బరువు విషయమే మరిచిపోయాను.

స్వర్ణకారుడు: సరళగారి దుద్దుల విషయంలో అది నిజమే, బుట్టలకు మాత్రం సగమే నిజం. దుద్దు ముందుకు వాలబోతే బిళ్ళ పైఅంచు తమ్మె వెనుక ఆనుకుని ఆపుతుంది. బుట్ట బరువు మాత్రం కాడ మీదుగా నేరుగా రంధ్రం కింది అంచు మీదే పడుతుంది. వెనుక ఎంత వెడల్పు బిళ్ళ పెట్టినా ఆ బరువు తగ్గదు. బిళ్ళతో కమ్మ చక్కగా కనిపిస్తుంది కనుక చెవికి ఏమీ కావడం లేదనిపిస్తుంది. నాకు అదే నచ్చదు. అమ్మా, పైదుద్దు ఎంతో, బుట్ట ఎంతో విడివిడిగా తూచారా?

లలిత: నాకు కూడా చెవి దురద పెట్టి, నీరు కారి, వాచింది. నికెల్ కలిసిన కాడ అని తేలింది. టైటానియం కాడకు మారాక తగ్గింది. మీరూ లోహం మార్చి చూడండి.

హిమబిందు: లలితగారూ, నాకు దురద, వాపు లేవు. సాగడమే బాధ. స్వర్ణకారుడుగారూ, విడదీయడానికి వీలు కాలేదు, రెండూ అతికించి ఉన్నాయి. అదే దుద్దు విడిగా ఇంకో జత ఉంది, అది ఒక్కోటి 4 గ్రాములు. అంటే బుట్ట 8 ఉంటుంది.

స్వర్ణకారుడు: అలాగైతే కమ్మలు మానక్కర్లేదు. అతికిన కడియం కోయించి, దుద్దు కింద చిన్న కొక్కెం పెట్టించండి. పగలంతా 4 గ్రాముల దుద్దు, అవసరమైన రెండు మూడు గంటలు మాత్రం బుట్ట. ఆ బుట్ట అంచున ముత్యాల వరుస ఉంటే తీయించండి. బరువు తగ్గడమే కాదు, నడిచేటప్పుడు అది ఊగి లాగడమూ తగ్గుతుంది. కాడ మరీ సన్నగా ఉంటే అదే బరువు తమ్మెను ఎక్కువగా కోస్తుంది. 0.8 మి.మీ. కంటే సన్నది వద్దు. తూకం తగ్గితే నగ విలువ పోయిందనుకునే వాళ్ళకు మాత్రం నా దగ్గర మందు లేదు.

నర్సమ్మ: శీల గురించి ఎవరూ చెప్పలేదు. మర తిప్పే శీల ఊడిపోదు, అందుకే నమ్మకంగా పెట్టుకుంటారు. కానీ ఊగకూడదని గట్టిగా బిగించేస్తారు. తమ్మె ముందూ వెనుకా నొక్కుకుపోయి తెల్లబడితే బిగింపు ఎక్కువైనట్టే. తమ్మెకూ బిళ్ళకూ మధ్య 1 మి.మీ. అయినా ఖాళీ ఉండాలి. బిళ్ళ మాంసంలోకి దిగిపోయి, పైన చర్మం మూసుకుపోయిన చెవులను చూశాను.

వేణు: ఇంత శాస్త్రం ఎందుకు? మాటీలు పెట్టుకుంటే బరువంతా జుట్టు మీదే కదా.

స్వర్ణకారుడు: గొలుసు బిగువుగా ఉంటేనే. తల తిప్పినప్పుడు గొలుసు వదులై వేలాడితే అది అలంకారమే. మాటీ పెట్టుకుని అద్దంలో పక్కనుంచి చూడండి. రంధ్రం గుండ్రంగా ఉంటే పని చేస్తున్నట్టు, కింద గీత పడితే చేయనట్టు.

సరళ: బిగువుగా పెట్టుకుంటే జుట్టు పీకుతుంది, అదీ చెప్పండి!

హిమబిందు: కొక్కెం పెట్టిస్తాను. ఒకటే భయం. ఎడమ చెవిలో రంధ్రం కింద మిగిలింది 2 మి.మీ. కంటే ఎక్కువ లేదు. ఏదైనా నూనెతో బిగుసుకుంటుందా?

నర్సమ్మ: బిగుసుకోదు. తమ్మెలో మృదులాస్థి లేదు, సాగిన చర్మం నూనెతో వెనక్కి రాదు. ఆ చెవికి దుద్దు కూడా కొంతకాలం ఆపి డాక్టరుకు చూపించండి. సాగిన రంధ్రాన్ని కుట్టి మూసేటప్పుడు దాని లోపలి చర్మం తీసేసి పచ్చి అంచులు కలుపుతారు. తీయకపోతే అతుక్కోవు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆగి, మచ్చకు పక్కన కొత్త రంధ్రం కుట్టించుకోవాలి.

వేణు: తెగకముందే కోత ఎందుకు? వెనుక అంటించే పట్టీలు దొరుకుతున్నాయి.

నర్సమ్మ: ఒక పూటకు పనికొస్తాయి, రోజూ అంటిస్తే చర్మం ఎర్రబడుతుంది. తెగకముందే కుట్టించడం మేలని నా అభిప్రాయం. తెగితే అంచు నొక్కు పడకుండా కలపడం కష్టం. ఆగి చూద్దామనే డాక్టర్లూ ఉన్నారు.