ఒకే రీడింగులు, నాలుగు రికార్డులు: పెండ్యులం ప్రయోగం ఎవరికి వారు ఎలా రాయాలి?

రాజోలు కుర్రాడు
బీఎస్సీ మొదటి ఏడాది చదువుతున్నాను. మా ల్యాబులో పెండ్యులం స్టాండు నలుగురికి ఒకటి. ఒకరు గుండు వదిలారు, ఒకరు లెక్కపెట్టారు, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకున్నారు, నేను రాసుకున్నాను. 20 డోలనాలకు పట్టిన సమయాలు ఇవి:

50 సెం.మీ. – 28.8 సె.
60 సెం.మీ. – 31.5 సె.
70 సెం.మీ. – 34.0 సె.
80 సెం.మీ. – 34.5 సె.
90 సెం.మీ. – 38.4 సె.
100 సెం.మీ. – 40.5 సె.

ఒక్కో పొడవుకీ g = 4π²L/T² తో లెక్క కట్టి సగటు తీస్తే 9.86 వచ్చింది. నలుగురి రికార్డులూ సార్ వెనక్కి ఇచ్చేశారు. 80 సెం.మీ. వరసలో T² విలువ చుట్టూ నలుగురికీ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, కింద "ఎవరికి వారు మళ్లీ రాయండి" అని రాశారు. రీడింగులే ఒకటైనప్పుడు వేరేగా ఎలా రాయాలి? ఒక్కొక్కరం రీడింగులు కొంచెం కొంచెం మార్చుకోవాలా? వచ్చే శనివారం ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

బీటెక్ బాబాయ్
తమ్ముడూ, మా బ్యాచ్‌లోనూ ఇదే జరిగింది. విధానం, జాగ్రత్తలు సొంత మాటల్లో రాయండి. లెక్క ఒకడు సగటుతో, ఒకడు గ్రాఫుతో, ఒకడు కంప్యూటర్లో చేయండి. రీడింగుల్లో చివరి అంకె అటూ ఇటూ జరిపితే నాలుగూ వేరువేరుగా కనిపిస్తాయి.

ల్యాబ్ మేడమ్
డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. లెక్క ఎవరిది వారు చేయాలన్నంత వరకు బాబాయ్ గారు చెప్పింది సరే. చివరి అంకె జరపడం మాత్రం వద్దు బాబూ. నలుగురూ కలిసి ఒకసారే కొలిచారు కాబట్టి నాలుగు రికార్డుల్లో ఆ పట్టిక అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. తేడాగా ఉంటేనే నాకు అనుమానం వస్తుంది.

ముందు ఒకటి చెప్పు. 80 దగ్గర మీ T² ఎంత?

రాజోలు కుర్రాడు
2.796 మేడమ్. నలుగురికీ అదే.

ల్యాబ్ మేడమ్
అదే నేను అనుకున్నది. 34.5ను 20తో భాగిస్తే 1.725. దాని వర్గం 2.976. ఎవరో ఒకరు రాసుకునేటప్పుడు 9నీ 7నీ తారుమారు చేశారు, మిగతా ముగ్గురూ దాన్నే దించుకున్నారు. మీ సార్ పట్టుకున్నది దాన్నే.

34.5 అనేది మీరు కలిసి చూసిన అంకె. అందులో తప్పున్నా అది నలుగురిదీ, నాలుగు చోట్లా ఒకేలా ఉంటుంది, అది దోషం కాదు. 2.976 అనేది క్యాలిక్యులేటర్ మీద ఎవరికి వారు నొక్కాల్సిన అంకె. నలుగురు విడివిడిగా నొక్కితే నలుగురికీ ఒకే తారుమారు రాదు. స్టాప్‌వాచ్ చూపించిన సమయం వరకు ఉమ్మడి. ఆ పక్క గడి నుంచి ఎవరి పని వారిదే.

పదో తరగతి నాన్న
మా అబ్బాయి సీనియర్ల పాత రికార్డు ముందు పెట్టుకుని రాస్తున్నాడు. అందరూ అలాగే చేస్తారంటున్నాడు. తప్పా?

బీటెక్ బాబాయ్
అండీ, ఇక్కడి సంగతి అది కాదు. వీళ్లు ప్రయోగం నిజంగా చేశారు, రీడింగులు వీళ్లవే. పాత రికార్డులో ఉన్న దారం వేరు, గుండు వేరు. ఆ అంకెలు మీవాడివి కావు.

రాజోలు కుర్రాడు
మేడమ్, సరిచేశాను. ఇప్పుడు సగటు 9.75 వచ్చింది. 9.8కి దగ్గరే కదా, ఇలా రాసేయనా?

ల్యాబ్ మేడమ్
సగటు తీసే ముందు ఉన్న ఆరు విలువలూ ఒకసారి చదువు: 9.52, 9.55, 9.56, 10.61, 9.64, 9.63. అయిదు 9.65 లోపే ఉన్నాయి, ఒక్కటి 10.6 దాటింది. అయిదు తక్కువైనవాటిని ఒక్క ఎక్కువైనది పైకి లాగింది కాబట్టి 9.75 వచ్చింది. రెండు వేర్వేరు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. సగటుతోనే ఆగిపోతే రెండూ కనబడవు.

ఇప్పుడు గ్రాఫు గియ్యి. అడ్డంగా పొడవు, నిలువుగా T². పొడవు అక్షం తప్పకుండా సున్నా నుంచి మొదలుపెట్టు. పిల్లలు కాగితం నిండాలని 50 నుంచి మొదలుపెడతారు, దాంతో అసలు చూడాల్సింది పోతుంది. స్నేహితులది చూడకుండా గీసి, ఏం కనబడిందో ఇక్కడ రాయి.

టైట్రేషన్ అక్క
నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మాకు టైట్రేషన్‌లో నలుగురం తలో రీడింగు తీసి కలుపుకున్నాం. నా రికార్డులో మాత్రం "నేను మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఒకే విలువ వచ్చింది" అని రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ "రెండోసారి చివరి చుక్కకు రంగు ఎలా మారింది?" అని అడిగారు. ఆ రెండోది చేసింది నా ఫ్రెండు. నోట మాట రాలేదు. అప్పటి నుంచి ఎవరు ఏం చేశారో పేర్లతో రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వు రాసుకున్నవాడివి. లెక్కపెట్టింది నువ్వు కాదని నీ రికార్డులో ఉండాలి.

డెంటన్ నుంచి
ఇక్కడ టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తూ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబు చూసుకుంటున్నాను. మా దగ్గర రిపోర్టు మొదటి పేజీలోనే పార్ట్‌నర్ల పేర్లు రాయిస్తాం. రీడింగుల కాగితం మీద ల్యాబు వదిలే ముందే నా సంతకం ఉండాలి. దాని జిరాక్స్ నలుగురూ జతచేస్తారు. కంప్యూటర్ షీటు మాత్రం పంచుకోకూడదు. ఎవరి షీటు వారు తెరిచి, పొడవులు మీటర్లలో A లోను, T² C లోను పెట్టుకుంటే రెండు లైన్లే:

```
=SLOPE(C2:C7,A2:A7)
=INTERCEPT(C2:C7,A2:A7)
```

ఒకరి షీటే నలుగురికీ తిరిగితే నాకు వెంటనే తెలిసిపోతుంది. అక్షం మీద పేరులో ఒకే స్పెల్లింగు తప్పు నాలుగు గ్రాఫుల్లోనూ ఉంటుంది.

రాజోలు కుర్రాడు
గ్రాఫు గీశాను మేడమ్. 80 చుక్క గీత కింద వేలాడుతోంది. మిగతా అయిదూ చక్కగా ఒకే గీత మీదున్నాయి. కానీ ఆ గీత సున్నా గుండా పోవట్లేదు, T² అక్షాన్ని కొంచెం పైన తాకుతోంది. నా గ్రాఫే తప్పా?

డెంటన్ అన్న చెప్పినట్టు షీటులోనూ వేశాను. ఆరు చుక్కలతో వాలు 3.95, g 9.99. 80ని వదిలేస్తే వాలు 4.04, g 9.77. అప్పుడు గీత T² అక్షాన్ని తాకేది 0.055 దగ్గర.

ల్యాబ్ మేడమ్
గ్రాఫు సరిగ్గానే ఉంది. గుండు వ్యాసం కొలిచారా? పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు?

రాజోలు కుర్రాడు
కార్క్ నుంచి దారం ముడి దాకా కొలిచాం మేడమ్. వ్యాసం వెర్నియర్‌తో 2.0 సెం.మీ. అని అబ్జర్వేషన్ బుక్కులో ఉంది, ఎక్కడా వాడలేదు. ముడి కింద కొక్కెం 0.4 సెం.మీ. ఉంటుంది.

ల్యాబ్ మేడమ్
అదీ సంగతి. అసలు పొడవు గుండు మధ్య వరకు. వ్యాసార్థం 1.0, కొక్కెం 0.4, కలిపి 1.4 సెం.మీ. ప్రతి వరసలోనూ తగ్గించి రాశారు. అందుకే అయిదు g లూ తక్కువ వచ్చాయి, అందుకే గీత సున్నాను తప్పింది. ఇప్పుడు 0.055ను 4.04తో భాగించు. 0.0136 మీటర్లు, అంటే దాదాపు 1.4 సెం.మీ. మీరు మరిచిపోయిన పొడవును గ్రాఫే చెప్పింది. పొడవులో వచ్చే ఈ తేడా అన్ని వరసల్లోనూ ఒకటే కాబట్టి వాలు మీద దాని ప్రభావం పడదు. అందుకే వాలు నుంచి వచ్చిన g ని నమ్మొచ్చు. హైదరాబాదులో g విలువ దాదాపు 9.78, 9.81 కాదు.

అయితే ఆ 1.4 చూసి మరీ మురిసిపోవద్దు. 50 సెం.మీ. దగ్గర 28.8కి బదులు 28.9 చూసి ఉంటే అదే లెక్క 1.8 సెం.మీ. ఇచ్చేది, g 9.77 నుంచి 9.81కి పోయేది. బటన్ నొక్కడంలో పదోవంతు సెకను తేడా ఎవరికైనా వస్తుంది. కాబట్టి g 9.8 అని రాసి, రెండో దశాంశం మీద నమ్మకం లేదని ఈ లెక్క చూపించే చెప్పు. చివరి అంకె ఎందుకు జరపకూడదో బాబాయ్ గారికి కూడా ఇందులోనే తెలుస్తుంది.

బీటెక్ బాబాయ్
ఒప్పుకుంటున్నా మేడమ్, నేనన్నది తప్పే. మరి 80 సంగతేంటి? 34.5ను 19తో భాగిస్తే 1.816, T² 3.297. గీత మీద కచ్చితంగా కూర్చుంటోంది. లెక్కపెట్టినవాడు ఒకటి ఎక్కువ లెక్కపెట్టాడు. పట్టికలో 20 కొట్టేసి 19 రాసేస్తే సరి.

ల్యాబ్ మేడమ్
వదిలిన క్షణాన్నే "ఒకటి" అనే పిల్లలకు ఇలాగే అవుతుంది. 19 డోలనాలకే 20 అని ఆపేస్తారు. మీ అనుమానం నాకూ ఉంది. కానీ పట్టికలో 20, 34.5 అలాగే ఉండాలి. 19 సంగతి చర్చ భాగంలో రాయాలి, అదీ అనుమానంగానే.

డెంటన్ నుంచి
నేనైతే 19తో భాగించనివ్వను. గీత మీద కూర్చుంటుందని 19 ఎంచుకుంటే, ఆ చుక్క ఇక గీతకు సాక్ష్యం కాదు. వదిలేయాలి, ఎందుకు వదిలేశారో రాయాలి, అంతే.

ల్యాబ్ మేడమ్
నేను ఒప్పుకుంటాను, ఆరు చుక్కలతోను, అయిదింటితోను రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి 19 లెక్క విడిగా చూపిస్తే. ఇందులో మనిద్దరి పద్ధతీ వేరు. వాళ్ల సార్ ఏమంటారో అడగడమే మంచిది.

రాజోలు కుర్రాడు
నిన్న నలుగురం విడివిడిగా కూర్చుని రాశాం. నేను 80 వదిలేసి, రెండు విలువలూ ఇచ్చి, 1.4 సెం.మీ. సంగతి రాశాను. ఇంకొకడు చేత్తో గీత గీసి వాలు 4.07 తీశాడు, వాడికి 9.70 వచ్చింది. వాడు గీత మీద రెండు చుక్కలు దూరందూరంగా తీసుకున్నాడు, తప్పేమీ కనబడలేదు. మూడోవాడు ప్రతి పొడవుకీ 1.4 కలిపి మళ్లీ ఒక్కో g లెక్క కట్టాడు. లెక్కపెట్టినవాడు మాత్రం తాను 20 సరిగ్గానే లెక్కపెట్టానంటున్నాడు. ఆరు చుక్కలూ ఉంచి 9.99 రాస్తానంటున్నాడు. వాడికేం చెప్పాలి?

టైట్రేషన్ అక్క
లెక్కపెట్టింది అతనే కదా, అతని మాట అతని రికార్డులో ఉండనివ్వు. కానీ ఆ చుక్క గీతకు దూరంగా ఎందుకు ఉందో అతనే రాయాలి.

ల్యాబ్ మేడమ్
శనివారం లోపు ల్యాబు ఖాళీగా ఉంటే, 80 సెం.మీ. దగ్గర దారం కట్టి ఒక్కసారి లెక్కపెట్టమను. గుండును వదిలాక ఒకటి రెండు ఊపులు పోనిచ్చి, మధ్య గీత దాటేటప్పుడు "సున్నా" అంటూ స్టాప్‌వాచ్ మొదలుపెట్టాలి. ఆ రీడింగును తేదీతో కొత్త వరసగా రాయాలి, పాతదాన్ని చెరపకూడదు. 36.3 దగ్గర వస్తే ఏం రాయాలో అతనికే తెలుస్తుంది. మళ్లీ 34.5 వస్తే ఇక్కడికి వచ్చి చెప్పమను, అప్పుడు 80 సెం.మీ. అని కొలిచిన దారమే చూడాలి.