4 బ్యాంకుల మెమరీ: 8 వరుస వర్డ్‌లకు 80 నానోసెకన్లా, 110నా?

రవళి_గేట్: బ్యాంకుకు ఒక్కో రీడ్‌కి 40 నానోసెకన్లు, ఆ 40 అయ్యేదాకా అది ఇంకో రీడ్ తీసుకోదు. బస్ మీద 10 నానోసెకన్లకు ఒక వర్డ్ (8 బైట్లు) వెళ్తుంది. బ్యాంకులు 4. అడ్రస్ 0 నుంచి 7 దాకా చదవాలి. నాకు 80 వస్తోంది, కీలో 110 ఉంది. ఎలా?

సాయి_సీఎస్‌ఈ: కీ తప్పేమో. ఒకే బ్యాంకైతే 8 × 40 = 320, నాలుగూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి 320/4 = 80.

మూర్తి_చిప్‌డిజైన్: నాలుగూ ఒకే సమయంలో పనిలో ఉంటాయి, అంతవరకు నిజమే సాయీ, కానీ నాలుగూ ఒకే క్షణాన మొదలవ్వవు. రవళి గారూ, కాగితం మీద గీత గీసి చూడండి. బ్యాంక్ 0 సున్నా దగ్గర మొదలు, బ్యాంక్ 1 పది దగ్గర, 2 ఇరవై, 3 ముప్పై. అడ్రస్ 4 మళ్లీ బ్యాంక్ 0దే, దాని వంతు 40 దగ్గర వస్తుంది, సరిగ్గా అప్పుడే అది ఖాళీ అవుతుంది. అంటే ఎవరూ ఆగక్కర్లేదు. మొదటి వర్డ్‌కి 40, మిగతా ఏడూ పదేసి: 40 + 7 × 10 = 110. ఒకే బ్యాంకుతో 64 బైట్లకు 320, అంటే సెకనుకు 200 ఎంబీ. ఇప్పుడు సుమారు 582. వరుస ఎంత పొడుగైతే అంత 800కి దగ్గరవుతుంది, దాటదు. మొదటి వర్డ్‌కి మాత్రం ఇప్పటికీ అదే 40.

నాని_గేమర్: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ స్టిక్ ఒకటే ఉంది. రెండోది పెడితే ఇదేనా జరిగేది?

మూర్తి_చిప్‌డిజైన్: అది డ్యూయల్ ఛానెల్ తమ్ముడూ, అక్కడ బస్సే రెండింతలవుతుంది. ఇక్కడ బస్ ఒకటే, అది ఖాళీగా కూర్చోకుండా చూస్తున్నాం.

రవళి_గేట్: అర్థమైంది. మరి 0, 2, 4, 6... ఇలా ఒకటి వదిలి ఒకటి చదివితే?

మూర్తి_చిప్‌డిజైన్: అసలు దెబ్బ అక్కడే. అడ్రస్ చివరి రెండు బిట్లే బ్యాంక్ నంబర్ కదా, సరి సంఖ్యలన్నీ 0, 2 బ్యాంకులకే పోతాయి. మొదలయ్యే సమయాలు 0, 10, 40, 50, 80, 90, 120, 130. చివరిది 170కి వస్తుంది. నాలుగేసి దూకితే అన్నీ బ్యాంక్ 0లోనే, మళ్లీ 320. మూడేసి దూకితే 0, 3, 2, 1 అని నాలుగూ తిరుగుతాయి కాబట్టి 110కే అయిపోతుంది. క్రే-1లో 16 బ్యాంకులు, ఒక్కోటి 4 క్లాక్‌లు బిజీ. నాలుగేసి దూకినా ఫుల్ స్పీడే, ఎనిమిదేసి దూకితే సగానికి పడేది.

లత_సిమ్యులేషన్: నా 1024 × 1024 మ్యాట్రిక్స్‌ని నిలువు వరుసల్లో చదివితే చాలా నెమ్మదిగా ఉండేది. అడ్డవరుసను 1025కి పెంచగానే బాగా తేడా వచ్చింది. ఇదే కారణమా?

మూర్తి_చిప్‌డిజైన్: బ్యాంకుల వల్లా కావచ్చు మేడమ్. కానీ 1024 దూకుడుకి క్యాష్‌లో కూడా అన్నీ కొన్ని సెట్లలోనే పడి ఒకదాన్నొకటి తోసేస్తాయి, నా అనుమానం దాని మీదే. క్యాష్ మిస్‌లు రెండు సైజులకూ కొలవండి. మిస్‌లు అన్నే ఉండి టైమ్ మాత్రమే తగ్గితే అప్పుడు బ్యాంకుల వైపు చూడొచ్చు.

సాయి_సీఎస్‌ఈ: అన్నా, ఆ 40లో బస్ మీద పంపే 10 కలిసే ఉందా? విడిగా అయితే 120 కదా.

రవళి_గేట్: ప్రశ్నలో అది రాయలేదు. 110 రావాలంటే కలిసే ఉందనుకోవాలి.