చక్రవడ్డీకి ముందు ‘నిరంతర’మా, ‘అవిచ్ఛిన్న’మా?

అనువాదకురాలు: ఆర్థిక శాస్త్ర వ్యాసమొకటి తెలుగు చేస్తూ ‘కంటిన్యువస్ కాంపౌండింగ్’ దగ్గర ఆగిపోయాను. ‘నిరంతర చక్రవడ్డీ’ అని రాస్తే, ఎన్నటికీ తీరని బాకీ అని పాఠకులు అనుకుంటారేమోనని నా సందేహం. ఇంతకన్నా తగిన మాట ఉన్నదా?

ఒక సభ్యుడు: క్షణక్షణానికీ వడ్డీని అసలులో కలుపుతూ పోతే బాకీకి అంతే ఉండదు కదా. ‘అనంత వడ్డీ’ అనడమే న్యాయం.

గణితోపాధ్యాయుడు: అంతు ఉన్నదండీ. నూటికి నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం చొప్పున లక్ష అప్పు తీసుకున్నామనుకోండి. ఏడాది చివర ఒక్కసారే వడ్డీ కడితే మొత్తం 1,12,000 రూపాయలు అవుతుంది. అర్ధ సంవత్సరానికొకసారి అసలులో కలిపితే 1,12,360, మూడు నెలలకైతే 1,12,551, నెలనెలా అయితే 1,12,683, ప్రతిరోజూ అయితే 1,12,747. కలిపే సార్లు పెరిగినకొద్దీ ఒక్కోసారి కలిసే వడ్డీ కూడా అదే పాళ్లలో చిన్నదవుతుంది కనుక మొత్తం ఒక హద్దు దాటదు. అసలు P, ఏడాది వడ్డీ రేటు r అయి, ఏడాదికి n సార్లు కలిపితే t ఏళ్లకు

`P(1 + r/n)^(nt)`

వస్తుంది, n ఎంతకైనా పెరగనిస్తే దాని అవధి `Pe^(rt)`. మన లెక్కలో అది 1,12,750. ఆ హద్దుకు అర్ధ సంవత్సరపు పద్ధతి 390 రూపాయలు, మూడు నెలల పద్ధతి 199 రూపాయలు తక్కువ. సార్లు రెట్టింపైతే లోటు దాదాపు సగమవుతుందన్నమాట. జేకబ్ బెర్నూలీ 1683లో నూటికి నూరు వడ్డీ తీసుకుని ఇదే ప్రశ్న వేసి, రూపాయికి వచ్చే హద్దు 2కూ 3కూ మధ్య ఉంటుందని చూపాడు. దానికి e అన్న అక్షరం తరవాత ఆయిలర్ పెట్టినదే.

ఇంకొక సభ్యురాలు: నా సేవింగ్స్ ఖాతాలో వడ్డీ రోజూ లెక్కకడతామని బ్యాంకువారు చెప్పారు. అయితే నాకు వచ్చేది దాదాపు ఈ వడ్డీయేనా?

గణితోపాధ్యాయుడు: కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు, నిజమే. కాని ఆ వడ్డీ సాధారణంగా మూడు నెలలకొకసారే ఖాతాలో జమ అవుతుంది. జమ కానంతవరకూ వడ్డీ మీద వడ్డీ పుట్టదు. లెక్కించడం వేరు, కలపడం వేరు.

అనువాదకురాలు: ఆ తేడా నా వ్యాసానికీ అవసరమే. అయితే మాట?

గణితోపాధ్యాయుడు: మన పాఠ్యపుస్తకాలలో ‘కంటిన్యువస్ ఫంక్షన్’కు ‘అవిచ్ఛిన్న ప్రమేయం’ అన్న మాట ఉన్నది కనుక ‘అవిచ్ఛిన్న చక్రవడ్డీ’ అనండి. ‘నిరంతర’ అన్నది ఎంత కాలమన్న ప్రశ్నకు జవాబులా వినిపిస్తుంది. ఇక్కడ చెప్పవలసినది కలపడంలో ఎడం లేదని.

మొదటి సభ్యుడు: ‘అనంత’ను ఉపసంహరించుకుంటున్నాను. కాని చక్రమంటే ఒక చుట్టు ముగిసి మరొకటి మొదలుకావాలి కదా. మనుస్మృతిలోని ‘చక్రవృద్ధి’లోనూ ఉన్నది ఆ చక్రమే. చుట్లే లేనిచోట చక్రం ఎందుకు? ‘ఘాతవృద్ధి వడ్డీ’ అనరాదా?

అనువాదకురాలు: ఘాతం అంటే దెబ్బ అనుకునేవారే ఎక్కువ, అందులోనూ వడ్డీ పక్కన! ప్రస్తుతానికి ‘అవిచ్ఛిన్న’ అని రాసి, చక్రాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను.