సిడ్నీ కంపెనీ కట్టిన పన్నుకు హైదరాబాద్‌లో క్రెడిట్ అడగవచ్చా?

కూకట్‌పల్లి నుంచి ప్రశ్న

పన్నెండేళ్లు సిడ్నీలో ఉద్యోగం చేసి 2022 జూన్ 10న హైదరాబాద్‌కు తిరిగి వచ్చాను. ఆ తరువాత ఒక్క రోజు కూడా దేశం దాటలేదు. అక్కడ కొన్న ఒక ఆస్ట్రేలియా కంపెనీ షేర్లను మాత్రం అమ్మకుండా ఉంచుకున్నాను. 2024-25 ఆర్థిక సంవత్సరంలో వాటిపై 700 డాలర్ల డివిడెండ్ వచ్చింది. దానితో పాటు పంపిన పత్రంలో ఫ్రాంకింగ్ క్రెడిట్ 300 డాలర్లు అని, నా వద్ద కోసిన పన్ను సున్నా అని ఉంది.

సిడ్నీలో ఉన్న రోజుల్లో ఈ 300ను కూడా నా ఆదాయంలో కలిపి 1,000గా చూపించి, లెక్కకు వచ్చిన పన్నులోంచి ఆ 300ను తీసివేసుకునేవాడిని. ఇప్పుడు ఇక్కడ రిటర్ను వేయాలి. కన్సల్టెన్సీ ఆదాయం వల్ల 30 శాతం శ్లాబులో ఉన్నాను. ఇక్కడ కూడా 1,000 డాలర్లు చూపించి 300కు క్రెడిట్ అడగవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సైనిక్‌పురి, విశ్రాంత బ్యాంకు అధికారి

నిస్సందేహంగా అడగవచ్చునండి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉన్నదే ఇందుకు. విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ కోరడానికి ఫారం 67 ఉంది. డాలరుకు 55 రూపాయలు అనుకుంటే మీ ఆదాయం 55,000 అవుతుంది. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున పన్ను 17,160 అవుతుంది. అందులోంచి కంపెనీ ఇప్పటికే కట్టిన 16,500 తీసివేస్తే మీరు కట్టవలసింది 660 రూపాయలే.

నల్లకుంట పాఠకురాలు

నాదీ ఇదే సమస్య. ఇక్కడి కంపెనీ డివిడెండ్‌లో పది శాతం టీడీఎస్ కోసి మిగతాది పంపారు. ఆ కంపెనీ కూడా తన లాభం మీద పన్ను కట్టిన తరువాతే కదా మాకు పంచింది? మరి ఆ పన్నులో నా వాటాను నేను కూడా వెనక్కి అడగవచ్చా?

అమీర్‌పేట అకౌంటెంటు

ముందుగా కూకట్‌పల్లి వారి ప్రశ్న. ఆ 300కు ఇక్కడ క్రెడిట్ రాదండి. బ్యాంకు అధికారి గారి కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి, ఫారం 67 విషయం కూడా నిజమే. కానీ ఆ లెక్క మొదలైన చోటే పొరపాటు జరిగింది.

ఫ్రాంకింగ్ క్రెడిట్ అన్నది మీరు కట్టిన పన్ను కాదు, కంపెనీ కట్టిన పన్ను. కంపెనీకి 1,000 డాలర్ల లాభం వస్తే 30 శాతం చొప్పున 300 కట్టి, మిగిలిన 700 మీకు పంచింది. ఆస్ట్రేలియా 1987లో, కీటింగ్ ఆర్థిక మంత్రిగా ఉన్న కాలంలో, కంపెనీ కట్టిన ఆ 300ను వాటాదారు కట్టినట్లే లెక్కించే పద్ధతిని తెచ్చింది. అక్కడ నివసించే వాటాదారు 700 కాకుండా 1,000ని ఆదాయంగా చూపాలి, తన శ్లాబు ప్రకారం పన్ను లెక్క కట్టాలి, 300 తగ్గించుకోవాలి. మెడికేర్ లెవీని పక్కన పెడితే, 30 శాతం శ్లాబులోని వ్యక్తికి ఇక కట్టవలసింది ఏమీ ఉండదు, 45 శాతం శ్లాబులోని వ్యక్తి ఇంకో 150 కట్టాలి, 16 శాతం శ్లాబులోని వ్యక్తికి 140 తిరిగి వస్తాయి. ఇలా మిగిలిన దాన్ని నగదుగా తిరిగి ఇవ్వడం మొదట్లో లేదు, 2000 జూలై నుంచి వచ్చింది.

ఇదంతా అక్కడ నివసించేవారి కోసం చేసిన ఏర్పాటు. మీరు అక్కడి నివాసి కాకపోయిన రోజు నుంచి ఆ 300ను మీ ఆదాయంలో కలపడం ఆగిపోయింది, దానితో పాటే క్రెడిట్ కూడా ఆగిపోయింది. అందుకు బదులుగా ప్రవాస వాటాదారుకు ఆ దేశం ఇచ్చే సౌకర్యం వేరొకటి ఉంది. పన్ను కట్టిన లాభం నుంచి పంచిన డివిడెండ్ మీద మీ దగ్గర కోత వేయదు. మీ పత్రంలో కోత సున్నా అని ఉన్నది అందుకే.

నల్లకుంట వారి సంగతి వేరు. మన దేశంలో ఈ పద్ధతి లేదు. 1997 నుంచి 2020 మార్చి దాకా, మధ్యలో 2002-03 తప్ప, ఇక్కడ డివిడెండ్ పంపిణీ పన్ను ఉండేది, దాన్ని కంపెనీయే కట్టేది, వాటాదారు చేతిలో చాలా ఏళ్ల పాటు పన్ను ఉండేది కాదు. చూడటానికి ఇదీ రెండోసారి పన్ను తప్పించినట్లే అనిపిస్తుంది, కానీ ఆదాయమే లేని వృద్ధురాలి డివిడెండ్ మీదా కోటీశ్వరుడి డివిడెండ్ మీదా ఒకే రేటు పడేది, వృద్ధురాలికి వెనక్కి వచ్చేది ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు డివిడెండ్ మొత్తం మీ చేతిలో మీ శ్లాబు ప్రకారం పన్నుకు లోబడుతుంది. మీరు అడగగలిగింది మీ పేరిట కోసిన ఆ పది శాతం టీడీఎస్‌ను మాత్రమే, కంపెనీ కట్టిన పన్నులో వాటాను కాదు.

సైనిక్‌పురి, విశ్రాంత బ్యాంకు అధికారి

ఒకే లాభం మీద రెండుసార్లు పన్ను పడకూడదన్నదే ఒప్పందం ఉద్దేశం కదండీ? ఆ 1,000 డాలర్ల మీద ఒకసారి అక్కడ పన్ను పడింది, మళ్లీ ఇక్కడ పడుతున్నది. ఇది ద్వంద్వ పన్ను కాకపోతే మరేమిటి?

అమీర్‌పేట అకౌంటెంటు

మాట న్యాయమైనదే, కానీ ఒప్పందం అంత దూరం వెళ్లలేదు. ఒకే మనిషి దగ్గర ఒకే ఆదాయం మీద రెండు దేశాలు పన్ను వసూలు చేయడం ఒకటి, ఒకే లాభం మీద మొదట కంపెనీ దగ్గర, తరువాత వాటాదారు దగ్గర వసూలు చేయడం మరొకటి. భారత నివాసి ఆస్ట్రేలియాలో చెల్లించిన పన్నుకు క్రెడిట్ ఇస్తామని ఒప్పందం అంటుంది, అది నేరుగా కట్టినదైనా కోత రూపంలో పోయినదైనా సరే. ఇక్కడ కట్టింది కంపెనీ, అది చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. కూకట్‌పల్లి గారూ, మీ జేబులోంచి ఆ దేశం ఒక్క డాలరు కూడా తీసుకోలేదు.

కాబట్టి సరైన లెక్క ఇలా ఉంటుంది. ఆదాయంగా చూపవలసింది చేతికి వచ్చిన 700 డాలర్లే, 1,000 కాదు. బ్యాంకు అధికారి గారు వేసుకున్న 55 రూపాయల చొప్పున 38,500 అవుతుంది, దాని మీద 31.2 శాతం అంటే 12,012 రూపాయలు. బ్యాంకు అధికారి గారి లెక్కకూ దీనికీ తేడా 11,352. ఇది మామూలు పొరపాటే అయినా నోటీసు వచ్చినప్పుడు వడ్డీతో కలిపి కట్టవలసి వస్తుంది, ఎందుకంటే పన్ను కోసినట్లు చూపే రుజువును జత చేయమంటారు, మీ పత్రంలోనేమో అది సున్నా. మారకపు రేటును మీకు నచ్చినది తీసుకోకూడదు, డివిడెండ్ ప్రకటించిన లేదా చెల్లించిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటును తీసుకోవాలి.

క్రెడిట్ వచ్చే సందర్భం ఒకటి ఉంది. అన్ని డివిడెండ్లూ పూర్తిగా ఫ్రాంక్ అయి ఉండవు. ఆ 700లో 500 మాత్రమే ఫ్రాంక్ అయి, మిగిలిన 200 పన్ను కట్టని లాభం నుంచి వచ్చిందనుకోండి, ఆ 200 మీద ఒప్పందం ప్రకారం 15 శాతం, అంటే 30 డాలర్లు కోస్తారు. అది మీ పేరిట పోయిన పన్ను, దానికి ఫారం 67 వేసి ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు. అయితే వాటాదారుల వివరాలు ఉంచే షేర్ రిజిస్ట్రీలో మీ చిరునామా ఇంకా సిడ్నీదే ఉంటే ఆ కోత వేయరు. మీరు తిరిగి వచ్చిన సంగతి వారికి చెప్పారా?

కూకట్‌పల్లి నుంచి

చెప్పలేదండి. పాత అద్దె ఇంటి చిరునామానే ఉంది. ఉత్తరాలు ఒక మిత్రుడికి చేరుతున్నాయి.

సైనిక్‌పురి, విశ్రాంత బ్యాంకు అధికారి

అలాగైతే ఆ చిరునామాతోనే అక్కడ నివాసిగా రిటర్ను వేసి 300 తెచ్చుకోవచ్చు కదా. ఇక్కడ రానిది అక్కడైనా వస్తుంది.

అమీర్‌పేట అకౌంటెంటు

దయచేసి ఆ పని చేయవద్దు. నివాసాన్ని చిరునామా తేల్చదు, మీరు ఎక్కడ బతుకుతున్నారన్నది తేలుస్తుంది. మూడేళ్లుగా కూకట్‌పల్లిలో ఉండి సిడ్నీ నివాసినని రాస్తే అది అబద్ధపు ప్రకటన. పైగా అక్కడ నివాసినన్నవారు అక్కడ ప్రపంచ ఆదాయమంతా చూపాలి, మీ కన్సల్టెన్సీ ఆదాయంతో సహా. ముందు రిజిస్ట్రీకి హైదరాబాద్ చిరునామా రాసి పంపండి.

మల్కాజ్‌గిరి నుంచి ఒక తండ్రి

మా అబ్బాయి మెల్‌బోర్న్‌లోనే నివాసి. డివిడెండ్ ప్రకటించాక షేర్లు కొని, అది అందిన వెంటనే అమ్మేస్తే ఫ్రాంకింగ్ క్రెడిట్ మిగులుతుందని వాడి స్నేహితులు చెబుతున్నారట. అందులో ఏదైనా చిక్కు ఉందా?

అమీర్‌పేట అకౌంటెంటు

ఉంది. కొన్న రోజు, అమ్మిన రోజు లెక్కలోకి రాకుండా కనీసం 45 రోజులు ఆ షేర్ల నష్టభయం తానే మోయాలి, లేకపోతే క్రెడిట్ ఇవ్వరు. ఏడాది మొత్తం క్రెడిట్లు 5,000 డాలర్ల లోపు ఉన్న చిన్న వాటాదారుకు ఈ నియమం వర్తించదు, మీ అబ్బాయి ఆ కోవలోకే రావచ్చు. కానీ డివిడెండ్ వేరయ్యాక షేరు ధర సాధారణంగా పడిపోతుంది కాబట్టి, క్రెడిట్ మిగిలి అసలు పోవడం చాలాసార్లు జరుగుతుంది.

కూకట్‌పల్లి గారూ, మీ ప్రశ్నలోనే నేను ముందు చూడవలసిన విషయం ఒకటి ఉంది. మీరు 2022 జూన్ 10న వచ్చారు. అంతకుముందు పదేళ్లూ ప్రవాసి కాబట్టి 2022-23, 2023-24 సంవత్సరాలకు మీరు మామూలు నివాసి కాదు, ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే నివాసి అయినా సాధారణ నివాసిగా లెక్కకు రానివారు. ఆ హోదాలో ఉన్నవారికి విదేశంలో వచ్చిన డివిడెండ్ మీద ఇక్కడ పన్నే లేదు. 2024-25కు, గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉండాలన్న పరీక్ష తప్పుతారు, కానీ రెండో దారి ఉంది. గత ఏడేళ్లలో భారత్‌లో గడిపిన రోజులు 729 మించకపోతే చాలు. వచ్చాక మొదటి సంవత్సరం 295 రోజులు, రెండో సంవత్సరం 366, కలిపి 661. మిగిలింది 68 రోజులు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే ముందు దాకా సెలవులకు ఇక్కడ ఎన్ని రోజులు గడిపారు?

కూకట్‌పల్లి నుంచి

2018లో తమ్ముడి పెళ్లికి వచ్చాను, 2019లో నాన్నగారి ఆపరేషన్ అప్పుడు కొంతకాలం ఉన్నాను. కచ్చితమైన రోజులు గుర్తు లేవు, రెండు పాస్‌పోర్టుల ముద్రలు చూడాలి. కానీ మొదటి సంవత్సరం రిటర్నులో నేను మామూలు నివాసినని రాసి, 1,000 డాలర్లు చూపించి, 300 క్రెడిట్ అడిగి పన్ను కట్టేశాను. దానికి ఇప్పుడు ఏమి చేయాలి?

అమీర్‌పేట అకౌంటెంటు

ఆ సంవత్సరం మీరు ఎక్కువే కట్టినట్లున్నారు. సవరణ గడువు దాటిపోయింది. తరువాత వేసే అప్‌డేటెడ్ రిటర్నుతో పన్ను తగ్గించుకోవడానికి వీలు లేదు, పెంచుకోవడానికే అది పనికివస్తుంది. ఆలస్యాన్ని మన్నించమని అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు. మంజూరవుతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను, మీరు పోగొట్టుకున్న మొత్తం చూస్తే ఆ శ్రమ ఎంతవరకు తగినదో కూడా ఆలోచించండి. ముద్రల లెక్క ముందు తేల్చండి.

కూకట్‌పల్లి నుంచి

ఒక పాస్‌పోర్టులో 2018 పర్యటన 24 రోజులు, 2019ది 39 రోజులుగా కనిపిస్తున్నాయి, కలిపి 63. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలో వేశాను. 2017లో వచ్చిన గుర్తుంది కానీ ఏ నెలలోనో తెలియదు, ఆ పాత పాస్‌పోర్టు సిడ్నీ మిత్రుడి ఇంట్లోని పెట్టెలో ఉంది. అడిగి చూస్తాను.