ఇనుప మూకుడులో పులుసు వండితే రక్తం పడుతుందా?

లావణ్య: నాకు హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. స్టీలు గిన్నెలు పక్కనపెట్టి ఇనుప మూకుడులో వండుకోమని మా అత్తగారు అంటున్నారు. నిజంగా ఐరన్ పెరుగుతుందా? ఐరన్ మాత్రలతో కడుపులో మంటగా ఉంటోంది. మూకుడు కొంటే అవి మానేయొచ్చా?

కిరణ్: స్టీలు కూడా ఇనుమే కదండీ. మళ్లీ మూకుడు ఎందుకు, దండగ.

పద్మజ, పోషకాహార నిపుణురాలు: కిరణ్ గారూ, స్టీలులో ఎక్కువ భాగం ఇనుమేనన్నది నిజం. కానీ అందులోని క్రోమియం వల్ల పైన సన్నని పొర ఏర్పడి ఇనుమును కూరలోకి దిగనివ్వదు. స్టీలు తుప్పు పట్టనిదీ అందుకే.

లావణ్య గారూ, మీ అత్తగారి మాటలో నిజముంది. 1986లో అమెరికాలో పరీక్షించినప్పుడు ఇనుప పాత్రలో వండిన టమాటా సాస్‌లో 100 గ్రాములకు సుమారు 0.6 మిల్లీగ్రాములు ఉండాల్సిన ఐరన్ దాదాపు 6కి చేరింది. పులుపు, తడి, ఎక్కువసేపు ఉడకడం, ఈ మూడూ కలిస్తేనే అంత దిగుతుంది. అంటే చింతపండు పులుసుకి లాభం, దోసెకి అంతగా ఉండదు.

కానీ దిగినదంతా ఒంటికి పట్టదు. పదో వంతు పట్టిందనుకుంటే, 100 గ్రాముల పులుసుతో అదనంగా వచ్చిన 5 మిల్లీగ్రాముల్లో మీకు దక్కేది అర మిల్లీగ్రామే. రక్తహీనతకు ఇచ్చే మాత్ర ఒక్కదానిలోనే సాధారణంగా 60 మిల్లీగ్రాములు ఉంటుంది. 9.6 ఉన్నప్పుడు దయచేసి మాత్ర మానకండి. మంట గురించి డాక్టరుకి చెబితే మందు మారుస్తారు, లేదా రోజు విడిచి రోజు వేసుకోమంటారు.

సుజాత: మా ఇంట్లో ఇత్తడి గిన్నెకి కళాయి పోయింది. అందులో చారు పెట్టి రాత్రంతా ఉంచేస్తాం. అదీ రక్తానికి మంచిదేనా?

పద్మజ: కాదు సుజాత గారూ, ఇత్తడి నుంచి దిగేది రాగి, జింకు. కళాయి పోయిన గిన్నెలో పులుపు అసలు వద్దు. చట్నీ, సాంబారు లాంటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో నిల్వ ఉంచొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇనుప మూకుడులో వండినా, కాగానే స్టీలు గిన్నెలోకి తీసేయాలి.

కిరణ్: అర మిల్లీగ్రామే అయితే ఇక ఎవరికి లాభం?

పద్మజ: రోజూ వండితే అదీ కూడుతుంది. ఇథియోపియాలో ఇనుప కుండల్లో వండిన ఇళ్ల పిల్లలకు, అల్యూమినియం వాడిన ఇళ్లకన్నా హిమోగ్లోబిన్ బాగా పెరిగినట్టు 1999లో తేలింది. కంబోడియాలో మాత్రం కూరలో ఇనుప దిమ్మ వేసి ఉడికించినా ఒక పరీక్షలో ఫలితం కనిపించలేదు. అక్కడ చాలామంది రక్తహీనతకు కారణం ఐరన్ లోపం కాదు. అందుకే లావణ్య గారూ, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి.

రమణ: మా అమ్మ మూకుడు నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతుంది. దానిలోంచీ అంతే దిగుతుందా?

పద్మజ: కొత్తదానికన్నా తక్కువే. పులుసు మరిగితే ఆ నూనె పొర కొంత ఊడుతుంది కాబట్టి బొత్తిగా లేకుండా పోదు. ఎంత దిగుతుందన్నది మూకుడును బట్టి మారుతుంది, నేను అంకె చెప్పలేను.

రమణ: అయినా మా అమ్మ ఆ నునుపు పోతుందని అందులో పులుసు పెట్టనివ్వదండీ. వేపుళ్లకే వాడుతుంది.